బ్యాంకు ముప్పై రోజులు పలక్కపోతే ముప్పై ఒకటో రోజు మనం ఏం చేయాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం. 2024–25 వార్షిక నివేదిక కోసం)



పొదుపు లెక్కలు, లింకేజీ లెక్కలు ఇప్పటిదాకా విన్నారు. నాకిచ్చిన అంశం ఒక్కటే. బ్యాంకులో మన డబ్బు తేడా వచ్చింది, ఫిర్యాదు చేశాం, జవాబు రాలేదు. తర్వాత ఎక్కడికి పోవాలి? ఈ ఒక్క సంగతినే ఒక ఉదాహరణ పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా తేదీలతో సహా చెబుతాను. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు తేదీలు రాసుకోండి. ఈ విషయంలో అన్నీ తేదీల మీదే నడుస్తాయి.

ఉదాహరణకు మన మండలంలో ఏదో ఒక ఊరు అనుకుందాం. ఒక అక్క ఖాతాలో ఉపాధి పని డబ్బులు, పొదుపు డబ్బులు కలిపి కొంత ఉంది. 2025 మే 5, సోమవారం. పొదిలి దాకా పోవడం ఎందుకని ఊళ్లోనే వేలిముద్ర మిషన్ పెట్టుకున్న కస్టమర్ పాయింటు దగ్గరికి పోయింది. ఎనిమిది వేలు అడిగింది. ఆధార్ నంబరు చెప్పింది, వేలు పెట్టింది. మిషన్ తిరిగి తిరిగి ఆగిపోయింది. ఆ అబ్బాయి, ‘‘సర్వర్ లేదక్కా, రేపు రా’’ అన్నాడు. ఇంటికి వచ్చేసరికి ఫోనుకు మెసేజీ వచ్చింది, ఖాతాలో నుంచి రూ.8,000 పోయినట్టు. చేతికి మాత్రం రూపాయి రాలేదు.

ఇట్లాంటిది మనలో చాలామందికి తెలిసిన కథే. ఏటీఎంలో కూడా ఇదే జరుగుతుంది. మిషన్ చప్పుడు చేస్తుంది, నోట్లు రావు, ఖాతాలో మాత్రం పడిపోతుంది. దీనికి కారణం ఏమంటే, మన ఖాతా ఉన్న బ్యాంకు ఒకటి, మిషన్ పెట్టిన బ్యాంకు ఇంకొకటి. మన బ్యాంకు ‘సరే’ అని డబ్బు కోసేస్తుంది. ఆ ‘సరే’ మిషన్ దాకా వచ్చేలోపల నెట్‌వర్కు తెగిపోతుంది. ఇక్కడ డబ్బు ఇవ్వలేదని అక్కడి బ్యాంకుకు తెలియదు. రెండు బ్యాంకులూ లెక్కలు సరిచూసుకున్నప్పుడు ఆ డబ్బు వెనక్కి రావాలి.

ఐదు రోజులు, ఆ తర్వాత రోజుకు వంద

అది ఎన్నాళ్లలో వెనక్కి రావాలో రిజర్వు బ్యాంకు చెప్పింది. 2019 సెప్టెంబరు 20న అన్ని బ్యాంకులకూ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఏటీఎం, మైక్రో ఏటీఎం, ఆధార్ వేలిముద్ర లావాదేవీ, ఏదైనా సరే, ఖాతాలో కోత పడి డబ్బు చేతికి రాకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోపల బ్యాంకు సరిచేయాలి. ఐదు రోజులు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకూ వంద రూపాయలు మన ఖాతాలో వేయాలి. ఇది మనం అడిగితే ఇచ్చేది కాదు. ఫిర్యాదు లేకపోయినా బ్యాంకే వేయాలని అందులో రాసి ఉంది.

మన అక్క లెక్క చూద్దాం. మే 5న కోత పడింది. మే 10 దాకా బ్యాంకుకు గడువు. మే 11 నుంచి రోజుకు వంద లెక్క మొదలవుతుంది.

ఈ ఐదు రోజులూ మన అక్క ఏం చేయాలి? మొదటిది, మిషన్ దగ్గర చీటీ అడగాలి. లావాదేవీ ఫెయిలైనా చీటీ వస్తుంది. దాని మీద పన్నెండు అంకెల రెఫరెన్సు నంబరు ఉంటుంది, దాన్ని ఆర్ఆర్ఎన్ అంటారు. చీటీ ఇవ్వకపోతే ఫోనులో వచ్చిన మెసేజీ చెరిపెయ్యకుండా ఉంచుకోవాలి. రెండోది, పాస్‌బుక్కు బ్యాంకులో అచ్చు వేయించుకోవాలి. కోత పడిన వరుస అందులో కనబడాలి. చీటీ సిరా నెలకు వెలిసిపోతుంది కాబట్టి అదే రోజు జిరాక్సు తీయించాలి, లేదా ఫోనులో ఫోటో తీసిపెట్టుకోవాలి.

నోటిమాట ఫిర్యాదు కాదు

మే 10 దాటింది, డబ్బు రాలేదు. ఇక్కడే మనలో చాలామంది దారి తప్పుతారు. కస్టమర్ పాయింటు అబ్బాయిని అడుగుతాం. ‘‘వస్తుందిలే అక్కా’’ అంటాడు. బ్యాంకుకు పోయి కౌంటర్లో అడుగుతాం. ‘‘పదిరోజులు ఆగండి’’ అంటారు. నెల తర్వాత మళ్లీ పోతాం, మళ్లీ అదే మాట. మూడు నెలలు గడిచాక ‘‘ఎన్నిసార్లు చెప్పాలి’’ అని మనమే కోప్పడతాం. కానీ కాగితం మీద చూస్తే మనం ఒక్కసారి కూడా ఫిర్యాదు చేయలేదు.

అంబుడ్స్‌మన్ అంటే రిజర్వు బ్యాంకు పెట్టిన ఫిర్యాదుల అధికారి. ఆయన మొట్టమొదట అడిగే ప్రశ్న ఇదే: బ్యాంకుకు రాతపూర్వకంగా ఎప్పుడు ఫిర్యాదు చేశారు, దానికి రుజువు ఏది? ఆ రుజువు లేకపోతే ఫిర్యాదు లోపలికే పోదు. అందుకే ముప్పై రోజుల లెక్క డబ్బు పోయిన రోజు నుంచి మొదలుకాదు. మన రాతను బ్యాంకు అందుకున్న రోజు నుంచి మొదలవుతుంది. మూడు నెలలు నోటితో తిరిగినా ఆ గడియారం కదలదు.

ఇంకో మాట. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చాం కదా అంటారు కొందరు. ఇవ్వొచ్చు, తప్పులేదు. కానీ అది బ్యాంకుకు చేసిన ఫిర్యాదు కింద లెక్కకు రాదు. వెలుగు ఆఫీసులో చెప్పినా, బ్యాంకు మిత్రకు చెప్పినా అంతే. బ్యాంకు పేరు మీద, బ్యాంకుకే రాయాలి. ఏ బ్యాంకుకు? మన ఖాతా ఉన్న బ్యాంకుకు. మిషన్ ఎవరిదో వెతుక్కోవాల్సిన పని మనది కాదు. అవతలి బ్యాంకును అడిగి తెప్పించాల్సింది మన బ్యాంకే.

మన ప్రాంతంలో గ్రామీణ బ్యాంకు ఖాతాలు ఎక్కువ. ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పాస్‌బుక్కు మీద పాత పేరు ఉన్నా అర్జీలో కొత్త పేరు రాయండి, ‘పూర్వపు ప్రగతి గ్రామీణ బ్యాంకు ఖాతా’ అని పక్కన చేర్చండి. పాత బ్యాంకు నాటి ఫిర్యాదు అని వదిలేయడానికి కొత్త బ్యాంకుకు కుదరదు.

మన అక్క మే 12న ఇట్లా రాసింది అనుకుందాం:

‘‘బ్రాంచి మేనేజరు గారికి. నా పొదుపు ఖాతా నంబరు ఇది. మే 5న ఉదయం మా ఊరి కస్టమర్ పాయింటులో వేలిముద్ర పెట్టి రూ.8,000 అడిగాను. డబ్బు చేతికి రాలేదు. ఖాతాలో కోత పడింది. రెఫరెన్సు నంబరు ఇది. ఐదు రోజులు దాటినా వెనక్కి రాలేదు. నా రూ.8,000 తిరిగి జమ చేయాలని, రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20 సర్క్యులర్ ప్రకారం మే 11 నుంచి రోజుకు రూ.100 చొప్పున జమ చేయాలని కోరుతున్నాను. ఈ ఫిర్యాదుకు నంబరు ఇవ్వగలరు.’’

అంతే. కోపం రాయక్కర్లేదు, కష్టాలు రాయక్కర్లేదు. ఏ రోజు, ఎంత, ఎక్కడ, ఏం కావాలి. ఈ నాలుగూ ఉంటే చాలు. రెండు కాపీలు తీసుకుపోవాలి. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద బ్యాంకు ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. చదువు రాని అక్క అయితే వీఓఏ రాసిపెట్టి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించాలి.

ముద్ర వేయం అంటారా? గొడవ పడొద్దు. బయటికి వచ్చి పోస్టాఫీసులో అదే కాగితాన్ని బ్రాంచి మేనేజరు పేరుకు స్పీడ్ పోస్టు చేయండి. రసీదు మీద ఉన్న నంబరుతో అది ఏ తేదీన చేరిందో తెలుస్తుంది. ఆ తేదీయే మన మొదటి రోజు. ఫోనున్న పిల్లలు ఇంట్లో ఉంటే బ్యాంకు వెబ్‌సైటులో లేదా కస్టమర్ కేరుకు ఫోను చేసి కూడా ఫిర్యాదు నమోదు చేయొచ్చు. అప్పుడు వచ్చే ఫిర్యాదు నంబరు మెసేజీయే రుజువు.

నోడల్ అధికారి

ముప్పై రోజులూ చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. ప్రతి బ్రాంచి గోడ మీద ఒక బోర్డు ఉంటుంది. దాని మీద ఫిర్యాదులు చూసే నోడల్ అధికారి పేరు, ఫోను నంబరు, ఈమెయిలు ఉంటాయి. అది అక్కడ పెట్టడం బ్యాంకు బాధ్యత. ఆ బోర్డును ఫోనులో ఫోటో తీసుకోండి. పదిహేను రోజులకు జవాబు రాకపోతే ముద్ర వేసిన మన కాగితం కాపీని ఆ అధికారికి పంపించాలి. మన ఉదాహరణలో అది మే 27.

ఇక్కడ ఒక తికమక వస్తుంది. నోడల్ అధికారికి పంపాం కాబట్టి అక్కడ నుంచి ఇంకో ముప్పై రోజులు ఆగాలేమో అనుకుంటారు. ఆగక్కర్లేదు. బ్రాంచి, రీజినల్ ఆఫీసు, హెడ్డాఫీసు, ఇవన్నీ ఒకే బ్యాంకు. మొదటి కాగితం అందిన రోజు నుంచే లెక్క. నోడల్ అధికారి దగ్గర చాలాసార్లు పని అయిపోతుంది, ఎందుకంటే రిజర్వు బ్యాంకుకు పోయే ఫిర్యాదులకు బ్యాంకు తరఫున జవాబు చెప్పాల్సింది వాళ్లే. అవ్వకపోతే మన దగ్గర ఇంకో కాగితం జమ అవుతుంది. అంతకంటే దానివల్ల నష్టం లేదు.

ముప్పై ఒకటో రోజు

మే 12న బ్యాంకు అందుకుంది. ముప్పై రోజులు జూన్ 11తో అయిపోయాయి. జవాబు లేదు. జూన్ 12 నుంచి అంబుడ్స్‌మన్ తలుపు మనకు తెరిచినట్టే. ఒకవేళ ముప్పై రోజుల లోపలే బ్యాంకు ‘కుదరదు’ అని రాసి ఇస్తే, లేదా ఇచ్చిన జవాబు మనకు నచ్చకపోతే, మిగతా రోజులు ఆగకుండా ఆ రోజే పోవచ్చు.

రోజులు నిండకముందే పోతే ఏమవుతుంది? ‘ముందు బ్యాంకుకు పోండి’ అని ఫిర్యాదు మూసేస్తారు. దానికి భయపడక్కర్లేదు, రోజులు నిండాక మళ్లీ వేసుకోవచ్చు. కానీ మూసేశారని కాగితం వస్తే మనవాళ్లు ‘ఓడిపోయాం’ అనుకుని వదిలేస్తారు. అందుకే ఒకటికి రెండుసార్లు రోజులు లెక్కపెట్టుకుని పోండి.

మరీ ఆలస్యం కూడా పనికిరాదు. అన్నిటికీ కలిపి ఒకే పథకం 2021 నవంబరు 12న మొదలైంది. అంతకుముందు బ్యాంకులకు ఒకటి, ఫైనాన్సు కంపెనీలకు ఒకటి, డిజిటల్ లావాదేవీలకు ఒకటి, ఇట్లా మూడు వేరువేరు అంబుడ్స్‌మన్ పథకాలుండేవి. ఏ ఆఫీసు మనదో వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు దేశమంతా ఒకటే. 2021 పథకంలో బ్యాంకు జవాబిస్తే ఆ రోజు నుంచి ఏడాదిలోపల, జవాబే ఇవ్వకపోతే మనం ఫిర్యాదు చేసిన రోజు నుంచి ఏడాది ముప్పై రోజుల్లోపల అంబుడ్స్‌మన్‌కు రాయాలని ఉండేది. గుర్తుచేస్తూ ఎన్ని ఉత్తరాలు రాసినా ఈ గడువు పెరుగుతుందని అనుకోవద్దు. గడువు ఉంది కదా అని కూర్చోవద్దు కూడా. నిబంధనలు మారుతుంటాయి, కాగితాలు పోతాయి, అబ్బాయి మిషన్ తీసేసి ఊరు మారిపోతాడు. నిండిన వారంలోనే వేసేయండి.

ఎట్లా వేయాలి? మూడు దారులున్నాయి. కంప్యూటరు లేదా ఫోనులో cms.rbi.org.in తెరిచి వేయొచ్చు. crpc@rbi.org.in కు ఈమెయిలు పంపొచ్చు. లేదా కాగితం మీద రాసి పోస్టులో చండీగఢ్‌కు పంపొచ్చు. చిరునామా: సెంట్రలైజ్డ్ రిసీట్ అండ్ ప్రాసెసింగ్ సెంటర్, రిజర్వు బ్యాంక్ ఆఫ్ ఇండియా, 4వ అంతస్తు, సెక్టారు 17, చండీగఢ్ – 160017. ఎంత దూరమో అని కంగారు పడొద్దు, మనం అక్కడికి పోయే పని లేదు. అంతటి నుంచీ వచ్చే ఉత్తరాలు అక్కడ విప్పుతారు, అంతే. ఏ దారిలో పోయినా ఒక్క రూపాయి ఫీజు లేదు.

వెబ్‌సైటు దారి మంచిది, ఎందుకంటే ఏది మర్చిపోయినా అదే అడుగుతుంది. మొదటి పేజీలో File A Complaint అని ఉంటుంది. పేరు, ఫోను నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. తర్వాత బ్యాంకు పేరు ఎంచుకోవాలి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారా, ఏ తేదీన, జవాబు వచ్చిందా, కోర్టులో కేసు ఏమైనా ఉందా అని అడుగుతుంది. ఇక్కడ బ్యాంకు అందుకున్న తేదీయే వేయాలి, డబ్బు పోయిన తేదీ కాదు. ఈ ఒక్క గడిలో తప్పు పడి ఫిర్యాదు వెనక్కి రావచ్చు. ఆ తర్వాత ఎంత డబ్బు, ఎంత పరిహారం అని వేరువేరుగా అడుగుతుంది. చివర మన కాగితాల ఫోటోలు ఎక్కించాలి: ముద్ర ఉన్న ఫిర్యాదు కాపీ, పాస్‌బుక్కు పేజీ, చీటీ. పంపాక ఫిర్యాదు నంబరు వస్తుంది, అదే పేజీలో Track Your Complaint దగ్గర ఆ నంబరుతో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

ఆ వెబ్‌సైటులో ఫోనుకు వచ్చే ఓటీపీ మనమే కొట్టాలి. ‘అంబుడ్స్‌మన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు వేస్తాం, ఓటీపీ చెప్పండి’ అని ఎవరైనా ఫోను చేస్తే దొంగ అని తెలుసుకోండి. అక్కడ నుంచి మన ఖాతా పిన్ను, ఓటీపీ ఎవరూ అడగరు.

ఏం రాయాలో తెలియక ఆగిపోతే 14448 కు ఫోను చేయండి. రిజర్వు బ్యాంకు నంబరు అది. పనిరోజుల్లో ఆఫీసు వేళల్లో తెలుగులో మాట్లాడతారు. ఫోనులో ఫిర్యాదు రాసుకోరు, ఎట్లా వేయాలో చెబుతారు.

ఆ అక్క తరఫున వేరే ఎవరైనా నడపొచ్చా అంటే, నడపొచ్చు. ఆమె సంతకంతో రాసిస్తే కూతురు గాని, వీఓఏ గాని ప్రతినిధిగా ఉండొచ్చు. వకీలును మాత్రం ఒప్పుకోరు, ఆ వకీలుదే ఫిర్యాదు అయితే తప్ప. సంఘం ఖాతాలో తేడా వస్తే సంఘం సమావేశంలో తీర్మానం రాసి, ఖాతా నడిపే ఇద్దరి సంతకాలతో వేయండి.

రూ.8,000 వచ్చాక కూడా లెక్క తేలలేదు

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. జూన్ 13న మన అక్క ఫిర్యాదు వేసింది. అంబుడ్స్‌మన్ ఆఫీసు దాన్ని బ్యాంకుకు పంపుతుంది. బ్యాంకు పదిహేను రోజుల్లో తన జవాబు, కాగితాలు ఇవ్వాలి. చాలాసార్లు ఈ దశలోనే బ్యాంకు కదులుతుంది. జులై 8న రూ.8,000 ఖాతాలో పడింది అనుకుందాం. బ్యాంకు నుంచి ఫోను వస్తుంది: ‘‘అమ్మా, మీ డబ్బు వేశాం, ఫిర్యాదు వెనక్కి తీసుకోండి.’’

మనం ఏం చేస్తాం? పోయిందనుకున్న డబ్బు వచ్చింది, పుణ్యమా అని ‘సరే’ అంటాం. ఆగండి. మే 10 గడువు దాటాక మే నెలలో 21 రోజులు, జూన్ 30 రోజులు, జులైలో 8 రోజులు. మొత్తం 59 రోజులు. రోజుకు వంద చొప్పున రూ.5,900. ఇది కూడా ఆమె డబ్బే. ఎనిమిది వేలు వచ్చి ఈ ఐదు వేల తొమ్మిది వందలు రాకుండా ‘రాజీ అయింది’ అని సంతకం పెడితే ఫిర్యాదు అక్కడితో మూసేస్తారు. మళ్లీ తెరవడం కష్టం.

అందుకే ఫోనులో ‘సరే’ చెప్పొద్దు. ‘‘అసలు వచ్చింది. 59 రోజుల పరిహారం రూ.5,900 రాలేదు. అది పడ్డాక చెబుతాను’’ అని రాసి పంపండి. పాస్‌బుక్కు మళ్లీ అచ్చు వేయించి చూసుకోండి. రెండూ పడ్డాయా, అప్పుడు సంతోషంగా సంతకం పెట్టండి.

కొందరు అడుగుతారు, ‘‘ఆ ఎనిమిది వేలు లేక నేను మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాను, అది ఎవరిస్తారు’’ అని. నెలకు రూ.240 వడ్డీ. అడగొచ్చు. 2021 పథకంలో నష్టానికి రూ.20 లక్షల దాకా, దాని మీద తిప్పలకు, పోయిన సమయానికి, మనస్తాపానికి లక్ష దాకా ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉండేది. కానీ నోటిమాట అప్పుకు కాగితం ఉండదు, రుజువు కష్టం. రోజుకు వంద మాత్రం రుజువు అక్కర్లేనిది, రెండు తేదీలు చాలు. అందుకే ముందు దాన్ని గట్టిగా పట్టుకోండి.

‘లావాదేవీ సక్రమం’ అని బ్యాంకు అంటే

ఇది రెండో దారి, కష్టమైన దారి. బ్యాంకు జవాబులో ‘మా రికార్డు ప్రకారం లావాదేవీ విజయవంతం, డబ్బు ఇచ్చినట్టు ఉంది’ అని వస్తుంది. అప్పుడు రెండిట్లో ఒకటి జరిగి ఉంటుంది. మిషన్ పొరపాటున ‘ఇచ్చినట్టు’ నమోదు చేసి ఉండాలి, లేదా ఆ అబ్బాయి ‘సర్వర్ లేదు’ అని చెప్పి డబ్బు తన దగ్గర పెట్టుకుని ఉండాలి.

ఎట్లా గుర్తుపట్టాలి? పాస్‌బుక్కు చూడండి. ఐదు నిమిషాల తేడాతో రెండు కోతలుండి, ఒక్కసారే డబ్బు చేతికి వచ్చి ఉంటే, ‘ఇంకోసారి వేలు పెట్టు’ అన్నప్పుడు మొదటిదీ పని చేసిందని అర్థం. రెండిటికీ వేరువేరు రెఫరెన్సు నంబర్లు ఉంటాయి. చీటీ ఇవ్వని చోట, మెసేజీ చూసుకోనివ్వని చోట అనుమానం పెట్టుకోండి.

ఇట్లాంటప్పుడు అంబుడ్స్‌మన్‌కు రాసే ఫిర్యాదులో రెండు ప్రశ్నలు అడగాలి. ఒకటి, మిషన్ బ్యాంకుకు మా తరఫున ఛార్జ్‌బ్యాక్ పంపారా, పంపితే ఏ తేదీన, జవాబేమిటి? ఛార్జ్‌బ్యాక్ అంటే ‘ఈ డబ్బు మా ఖాతాదారుకు చేరలేదు, వెనక్కి ఇవ్వండి’ అని ఒక బ్యాంకు ఇంకో బ్యాంకును అడగడం. మన బ్యాంకు అది అడగనే అడగకుండా ‘విజయవంతం’ అని రాసేస్తే ఆ తప్పు ఇక్కడ బయటపడుతుంది. రెండోది, ఆ రోజు ఆ కస్టమర్ పాయింటు లెక్క సరిచూశారా? కస్టమర్ పాయింటు మనిషి బ్యాంకు ఏజెంటు. ఏజెంటు చేసిన దానికి అతన్ని పెట్టుకున్న బ్యాంకు బాధ్యత ఉందని రిజర్వు బ్యాంకు నిబంధనల్లోనే ఉంది. ‘అతనితో మాకు సంబంధం లేదు’ అనడానికి వీల్లేదు. మోసం అనిపిస్తే పోలీసు స్టేషన్లో కూడా ఇవ్వండి. పోలీసు ఫిర్యాదు ఉన్నంత మాత్రాన అంబుడ్స్‌మన్ వద్దనరు. కానీ ఇదే విషయం మీద వినియోగదారుల కమిషన్లో గాని, కోర్టులో గాని కేసు వేసి ఉంటే మాత్రం తీసుకోరు.

ముందు రాజీకి చూస్తారు. కుదరకపోతే రెండు వైపులా కాగితాలు చూసి అవార్డు ఇస్తారు, అంటే తీర్పు. తీర్పు మనకు అనుకూలంగా వస్తే పని అయిపోయిందని కాగితం బీరువాలో పెట్టేయొద్దు. అది అందిన ముప్పై రోజుల్లోపల ‘ఈ తీర్పు నాకు సమ్మతం’ అని బ్యాంకుకు రాసివ్వాలి. రాయకపోతే తీర్పు చెల్లకుండా పోతుంది. గెలిచి ఓడిపోవడమంటే అదే.

అక్కడ చెల్లనివి

చివరిగా, ఏవి అక్కడికి పనికిరావో చెప్పి ముగిస్తాను. ‘మా సంఘానికి లింకేజీ లోను ఇవ్వలేదు’, ‘అడిగినంత ఇవ్వలేదు’ అంటే అది బ్యాంకు వ్యాపార నిర్ణయం, అంబుడ్స్‌మన్ జోక్యం చేసుకోరు. సున్నా వడ్డీ డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదంటే అది ప్రభుత్వం సంగతి. కానీ మనం కట్టిన కంతును లోను ఖాతాలో వేయకుండా వడ్డీ పెంచితే, అడగకుండా బీమా పేరుతో కోత వేస్తే, అప్పు తీరినా తీరినట్టు కాగితం ఇవ్వకపోతే, అవి సేవా లోపాలు. వాటికి దారి ఇదే. స్త్రీనిధి బ్యాంకు కాదు, సహకార సమాఖ్య, అక్కడి తేడాలు స్త్రీనిధి ఆఫీసుకే రాయాలి. పోస్టాఫీసు పొదుపు ఖాతా తపాలా శాఖది, దానికి ఈ దారి లేదు. అదే పోస్టాఫీసులో నడిచే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఖాతాకు మాత్రం ఉంది.

గ్రామ సంఘాలకు నా విన్నపం ఒక్కటే. మినిట్స్ పుస్తకం వెనక ఒక పేజీ గీసుకోండి. సభ్యురాలి పేరు, బ్యాంకు కాగితం అందుకున్న తేదీ, ముప్పై రోజులు నిండే తేదీ, అంబుడ్స్‌మన్ నంబరు, అసలు పడిన తేదీ, పరిహారం పడిన తేదీ. ఆరు గళ్లు. నెల సమావేశంలో పొదుపు చదివినప్పుడే ఆ పేజీ కూడా చదవండి. ఆరో గడి నిండే దాకా ఆ వరుస కొట్టేయొద్దు.